చెంచా పైన గుట్ట: పీనట్ బటర్ లెక్క తప్పేది అక్కడే

అమెరికాలో అమ్మే పీనట్ బటర్ డబ్బాను వెనక్కి తిప్పితే ఒక వడ్డనకు 2 టేబుల్ స్పూన్లు, అంటే 32 గ్రాములు, 190 కేలరీలు అని రాసి ఉంటుంది. మన దగ్గర దొరికే డబ్బాల మీద 100 గ్రాముల లెక్క తప్పనిసరిగా ఉంటుంది, దాని పక్కన ఒక వడ్డన లెక్క కూడా కనిపిస్తుంది. కేలరీలు లెక్క రాసుకునేవాళ్లకు వీటిలో గుర్తుండేది "రెండు చెంచాలు" అన్న మాటే. పక్కనున్న 32 గ్రాములు ఎవరికీ గుర్తుండదు. ఇంట్లో ఉన్న అన్నం చెంచా డబ్బాలో ముంచి, పైకి లేచినంత తీసి, రొట్టె మీద రాసి, ఇంకోసారి ముంచి, ఫోనులో "2 టేబుల్ స్పూన్లు" అని రాసుకుంటారు. రాసింది 190. తిన్నది 300 దాటి ఉండొచ్చు.

ఇదేదో చాదస్తం, ఒక చెంచా అటూ ఇటూ అయితే ఏమవుతుంది అనిపించడం సహజమే. కూర విషయంలో, సాంబారు విషయంలో నిజంగా ఏమీ కాదు. పీనట్ బటర్ విషయంలో అవుతుంది. అందుకు కారణం దాని కేలరీలు ఒక్కటే కాదు, అది చెంచా మీద నిలబడే తీరు కూడా.

16 గ్రాములు ఏ చెంచాకి?

డబ్బా మీద ఉన్న టేబుల్ స్పూను భోజనాల బల్ల మీది చెంచా కాదు. అదొక కొలత. అమెరికా లెక్కలో 14.8 మిల్లీలీటర్లు, మామూలుగా 15 అనుకుంటాం. వేరుశనగ ముద్ద నీళ్లకంటే కాస్త బరువు కాబట్టి అంచుకు సమంగా నింపితే ఆ చెంచాలో 16 గ్రాములు పడుతుంది. "అంచుకు సమంగా" అన్నదే ఇక్కడ ప్రాణం. కుంచంతో వడ్లు కొలిచిన రోజుల్లో గోపురంగా పోసి ఇస్తే ఒక లెక్క, పైన కర్ర లాగి తల కొట్టి ఇస్తే ఇంకో లెక్క అని కొనేవాడికీ అమ్మేవాడికీ తెలుసు. డబ్బా మీద ఉన్నది తల కొట్టిన లెక్క. మనం తినేది గోపురం లెక్క.

ఇంట్లో అన్నం తినే స్టీలు చెంచాలకు ప్రమాణమంటూ ఏదీ లేదు. ఒకటి 8 మిల్లీలీటర్లు పడితే ఇంకొకటి 12 పడుతుంది. కూర వడ్డించుకునే పెద్ద చెంచా 20 కూడా దాటొచ్చు. మీ చెంచా ఎంతదో తెలుసుకోవడం చాలా సులువు. వంటింటి డిజిటల్ త్రాసు మీద గిన్నె పెట్టి, సున్నా చేసి, ఆ చెంచాతో పది చెంచాల నీళ్లు పోయండి. 100 గ్రాములు వస్తే అది 10 మిల్లీలీటర్ల చెంచా. ఒక్క చెంచా పోసి చూస్తే త్రాసు తప్పూ చెయ్యి తప్పూ కలిసిపోతాయి, అందుకే పది.

ఆస్ట్రేలియాలో ఉన్నవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. అక్కడ కొలత చెంచాల సెట్టులో టేబుల్ స్పూను అంటే 20 మిల్లీలీటర్లు. మెల్‌బోర్న్‌లో కొన్న చెంచాతో, తల కొట్టి మరీ కొలిచినా, అందులో పట్టేది 21 గ్రాములకు పైనే. అలాంటి రెండు చెంచాలను అమెరికా లెక్కతో నడిచే యాప్‌లో రెండు టేబుల్ స్పూన్లుగా రాస్తే, కొలవడంలో ఏ పొరపాటూ చేయకుండానే 60 కేలరీలకు పైగా జారిపోతాయి.

గుట్ట ఎందుకు నిలుస్తుంది

నూనెను చెంచాలో గుట్టగా పోయలేం. అంచు దాటిందంటే కారిపోతుంది. తేనె కాస్త ఆగి కారుతుంది. పంచదార పోగవుతుంది కానీ దానికీ ఒక హద్దుంది. వాలు దాదాపు 35 డిగ్రీలు దాటితే గింజలు జారిపోతాయి, అంతకంటే ఎత్తు నిలవదు. 15 మిల్లీలీటర్ల కొలత చెంచా మీద పంచదార ఎంత పోగు చేసినా గుట్టలో నిలిచేది సుమారు నాలుగైదు గ్రాములు, అంటే 17, 18 కేలరీలు. తప్పు జరిగినా దానికి పైకప్పు ఉంది.

పీనట్ బటర్‌కు అలాంటి పైకప్పు లేదు. అది ద్రవంలా కనబడే ముద్ద. వేరుశనగ పొడి రేణువులు నూనెలో ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి కాబట్టి, కొంత బలం తగిలితే తప్ప కదలదు. దాని సొంత బరువు ఆ బలానికి సరిపోదు. చెంచాను నిలువుగా పట్టుకున్నా ముద్ద జారదు, తలకిందులు చేసినా కాసేపు వేలాడుతుంది. చెంచా ఎంత లోతుకు ముంచితే అంత గుట్ట వస్తుంది. తీసేవాడి చెయ్యే దానికి హద్దు.

నూనె కారిపోతుంది కాబట్టి దాని తప్పు దానంతటదే దిద్దుకుంటుంది. పంచదార గుట్ట కడుతుంది కానీ గ్రాముకు 4 కేలరీలే. పీనట్ బటర్ గ్రాముకు 6 కేలరీల దగ్గర ఉండి, పైగా గుట్ట కడుతుంది. మన వంటింట్లో ఈ రెండు గుణాలూ కలిసి ఉన్నది ఇంకొకటి చలికాలంలో పేరుకున్న నెయ్యి. కరిగిన నెయ్యి చెంచాకూ పేరుకున్న నెయ్యి చెంచాకూ తేడా వచ్చేది కూడా ఇందుకే.

పల్లీ చట్నీతో పోలిస్తే సంగతి ఇంకా తేటగా కనబడుతుంది. 50 గ్రాముల పల్లీలకు నీళ్లు పోసి రుబ్బి, ఒక టీ స్పూను నూనెతో పోపు పెడితే సుమారు 180 గ్రాముల చట్నీ అవుతుందనుకోండి. అందులో 325 కేలరీల దాకా ఉంటాయి, అంటే గ్రాముకు 2 కూడా లేవు. చట్నీ పది గ్రాములు ఎక్కువ వేసుకుంటే 18 కేలరీలు. అదే పల్లీతో చేసిన బటర్ పది గ్రాములు ఎక్కువైతే 60. తేడా నీళ్లది. చట్నీలో సగానికి పైగా నీళ్లు, బటర్‌లో నీళ్లు దాదాపు లేనట్టే.

ముద్ద గట్టిదనం ఎండను బట్టి కూడా మారుతుంది. మే నెలలో విజయవాడ వంటింట్లో పెట్టిన డబ్బా మెత్తబడి, చెంచా మీద ముద్ద కాస్త సర్దుకుంటుంది. అదే డబ్బా ఫ్రిజ్‌లో పెట్టి తీస్తే పెళ్లలు పెళ్లలుగా వస్తుంది. అదే చెంచా, అదే చెయ్యి, వచ్చే బరువు మాత్రం వేరు. పలుకులున్న రకం, అంటే క్రంచీ, మెత్తని రకం కంటే మరికాస్త ఎత్తుగా నిలుస్తుంది.

గుట్ట బరువెంత

గుండ్రటి గిన్నెలాంటి కొలత చెంచా ఒకటి తీసుకుందాం. సరిగ్గా సగం బంతి ఆకారంలో ఉండి 15 మిల్లీలీటర్లు పట్టాలంటే దాని నోరు దాదాపు 3.9 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. ఆ నోటి మీద గోపురంగా లేచిన ముద్ద నడిమి ఎత్తు అర సెంటీమీటరు ఉంటే అదనంగా వచ్చేది 3 గ్రాములు, 19 కేలరీలు. ఒక సెంటీమీటరు ఉంటే 7 గ్రాములు, 41 కేలరీలు. ఒకటిన్నర ఉంటే 11 గ్రాములు, 68 కేలరీలు. చెంచా కింద ఎంత లోతుందో పైన అంత ఎత్తు లేస్తే, చెప్పేదేముంది, సరిగ్గా రెండింతలు.

అన్నం చెంచాతో ఇది ఇంకా మోసం చేస్తుంది, ఎందుకంటే అది వెడల్పుగా, లోతు తక్కువగా ఉంటుంది. తల కొడితే 10 మిల్లీలీటర్లే పట్టే చెంచాకు నోరు మాత్రం ఆరు సెంటీమీటర్ల పొడవు, నాలుగు సెంటీమీటర్ల వెడల్పు ఉండొచ్చు. ఆ నోటి మీద ఒకటిన్నర సెంటీమీటర్ల గుట్ట లేస్తే ఆ గుట్టలోనే 14 మిల్లీలీటర్లు. అంటే చెంచాలో ఉన్నదానికంటే చెంచా పైన ఉన్నది ఎక్కువ. మొత్తం 26 గ్రాములు. "మా ఇంట్లోవి చిన్న చెంచాలే, అంతేం రాదు" అనుకునేవాళ్లు ఇక్కడే దెబ్బ తింటారు. చెంచా చిన్నదో పెద్దదో గుట్ట కట్టే ముద్దకు పట్టదు, దాని నోరు ఎంత వెడల్పో కావాలి.

ఇక చెంచా వీపు. తల కొట్టడం నేర్చుకున్నవాళ్లు కూడా దీన్ని మరిచిపోతారు. ముంచి తీసిన చెంచా కింద ఒక్క మిల్లీమీటరు మందాన ముద్ద అంటుకుని ఉంటే, పైన చెప్పిన కొలత చెంచాకు అది రెండున్నర గ్రాములు, 15 కేలరీలు. రొట్టె మీద రాసేటప్పుడు వీపు కూడా తుడుచుకుంటాం కాబట్టి అదీ కడుపులోకే.

ఒక ఉదయం టిఫిన్ లెక్క

500 కేలరీలకు సరిచూసుకున్న టిఫిన్ ఒకటి అనుకుందాం. రెండు రొట్టె ముక్కలు, కలిపి 50 గ్రాములు, 130 కేలరీలు. తొక్క తీసిన చిన్న అరటిపండు 100 గ్రాములు, 90 కేలరీలు. పంచదార వేయని టోన్డ్ పాలు 150 మిల్లీలీటర్లు, 90 కేలరీలు. పీనట్ బటర్ రెండు టేబుల్ స్పూన్లు, 32 గ్రాములు, 190 కేలరీలు. మొత్తం సరిగ్గా 500.

ఇప్పుడు మిగతావన్నీ అలాగే ఉంచి, రెండు చెంచాలూ గుట్టగా తీద్దాం. ఒక్కోటి 28 గ్రాములు వచ్చిందనుకోండి. పైన చూసిన లెక్క ప్రకారం అదేమీ అతిశయోక్తి కాదు. మొత్తం 56 గ్రాములు. 190ని 32తో భాగిస్తే గ్రాముకు 5.94, కాబట్టి 56 గ్రాములకు 333 కేలరీలు. టిఫిన్ 500 నుంచి 643కి పోయింది. పళ్లెంలో చూస్తే రొట్టె మీద పూత కాస్త మందంగా కనబడుతుంది, అంతే. ఇంకో అరటిపండున్నర పళ్లెంలో చేరి ఉంటే అందరికీ కనబడేది. ఈ 143 కేలరీలు కనబడవు.

పక్కనే మిగతా పదార్థాల తప్పులు పెట్టి చూడండి. అరటిపండు 20 గ్రాములు పెద్దదైతే 18 కేలరీలు. పాలు 20 మిల్లీలీటర్లు ఎక్కువ పోస్తే 12. రొట్టె ముక్కలు రెండూ కలిపి 3 గ్రాములు బరువైతే 8. ఈ మూడూ ఒకేరోజు తప్పినా 38. పీనట్ బటర్ ఒక్కటే దాదాపు నాలుగింతలు తప్పింది. కొలవడానికి ఓపిక ఒక్కదానికే ఉంటే ఆ ఓపిక ఎక్కడ పెట్టాలో దీన్నిబట్టి తేలుతుంది. అరటిపండును త్రాసు మీద పెట్టి, పీనట్ బటర్‌ను చెంచాతో తీసేవాళ్లు చాలామందే ఉన్నారు. తారుమారు చేస్తే చాలు.

బరువు తగ్గాలని రోజుకు 300 కేలరీలు తక్కువ తినే పథకం పెట్టుకున్న మనిషికి ఈ ఒక్క తప్పే అందులో సగం మింగేస్తుంది. వారానికి వెయ్యి. అప్పుడు పథకం పనిచేయలేదనో, ఒంట్లో ఏదో తేడా ఉందనో అనుకుని, ఉన్న అన్నం ఇంకో గుప్పెడు తగ్గిస్తారు. తగ్గించాల్సింది చెంచా మీద ఉండగా కంచంలోది పోతుంది.

"ప్రోటీన్ కోసమే కదా, కాస్త ఎక్కువైతే మంచిదే" అన్న మాట కూడా తరచు వినబడుతుంది. ఆ అదనపు 24 గ్రాముల్లో ప్రోటీన్ ఐదారు గ్రాములు. కొవ్వు 12 గ్రాములు. ఆ 143లో నూటికి పైగా కేలరీలు కొవ్వువే. అంతే ప్రోటీన్ ఒక కోడిగుడ్డులో సగం కేలరీలకే దొరుకుతుంది. పీనట్ బటర్‌ను కొవ్వు పదార్థంగా లెక్కవేసి, అందులో కొంత ప్రోటీన్ ఉందనుకుంటే లెక్క సరిగ్గా కుదురుతుంది.

ఇక్కడ ఒక సందేహం రావాలి. రోజూ తప్పు జరిగితే ఒకరోజు ఎక్కువ, ఒకరోజు తక్కువ అయి సగటున సరిపోదా? అరటిపండు విషయంలో సరిపోతుంది. ఇవాళ పెద్దది, రేపు చిన్నది. చెంచా గుట్ట విషయంలో సరిపోదు, ఎందుకంటే అంచుకు తక్కువగా చెంచా తీసేవాళ్లు లేరు. తప్పు ఎప్పుడూ ఒకవైపే మొగ్గుతుంది. ఒకరోజు 22 గ్రాములు, ఇంకోరోజు 31, మరోరోజు 26 రావచ్చు, 16 కంటే తక్కువ మాత్రం రాదు. అందుకే ఇది ఎన్ని రోజులైనా సర్దుకోదు, పోగుపడుతూ పోతుంది.

బరువు పెరగాలనుకునేవాళ్లకు గుట్ట చెంచా నష్టమేమీ కాదు. అయినా రాసుకునే అంకె తప్పే. వాళ్లు 2,800 తింటున్నామని రాసుకుంటూ 2,950 తింటూ ఉంటారు, తరువాత ఎంత పెంచాలో తెలియదు.

డబ్బానే త్రాసు మీద పెట్టడం

చెంచాలో కొలిచి, రొట్టె మీదికి మార్చి, మిగిలింది వేలితో తుడిచి... ఇదంతా అవసరం లేదు. త్రాసు ఉంటే సరైన పద్ధతి తిరగేసి తూచడం. మూత తీసిన డబ్బాను త్రాసు మీద పెట్టండి. TARE అని రాసి ఉన్న మీట నొక్కండి, కొన్నిటికి T లేదా ZERO అని ఉంటుంది. అంకె సున్నా అవుతుంది. ఇప్పుడు డబ్బాలోంచి తీసుకోండి, ఏ చెంచాతోనైనా, ఎంత గుట్టగానైనా. త్రాసు మీద అంకె మైనస్‌లో కనబడుతుంది. మైనస్ 32 వచ్చిందంటే 32 గ్రాములు బయటికి వచ్చింది. ఎక్కువ వస్తే వెనక్కి గీకి వేసేయండి, అంకె తగ్గుతుంది.

ఈ పద్ధతిలో గొప్పదనం ఏమిటంటే చెంచాకు అంటుకున్నది కూడా లెక్కలోకి వచ్చేస్తుంది. రొట్టె మీద పడ్డదాన్ని మాత్రమే తూచే పద్ధతిలో చెంచాకు మిగిలిన రెండు మూడు గ్రాములు లెక్కలోకి రావు, నాకేస్తే మాత్రం నోట్లోకి వస్తాయి. తిరగేసి తూచినప్పుడు చెంచా నాకినా లెక్క తప్పదు. నాకకుండా సింకులో పడేస్తే లెక్క రెండు మూడు గ్రాములు ఎక్కువ చూపిస్తుంది, అది పట్టించుకోనక్కరలేదు.

తప్పులు జరిగే చోట్లు రెండు. మొదటిది, చాలా త్రాసులు రెండు మూడు నిమిషాలు కదలిక లేకపోతే వాటంతటవే ఆరిపోతాయి, దాంతో సున్నా చేసిన గుర్తు పోతుంది. సున్నా చేసే ముందు డబ్బా బరువు ఒకసారి చూసి గుర్తు పెట్టుకుంటే, త్రాసు ఆరిపోయినా తీసివేతతో బయటపడొచ్చు. ఉదాహరణకు 412 ఉన్నది 378 అయితే తీసింది 34. రెండోది, గ్రాములో అరగ్రాములో చొప్పున నెమ్మదిగా తీస్తూ పోతే కొన్ని త్రాసులు ఆ చిన్న మార్పును సొంత ఊగిసలాట అనుకుని సున్నా దగ్గరే నిలబడిపోతాయి. అందుకే ఒక్కసారిగా తీయండి. అనుమానం వస్తే డబ్బాను ఎత్తి మళ్లీ పెట్టండి.

వంటింటి త్రాసు ఒక గ్రాము తేడా చూపిస్తుంది కదా అని భయపడనక్కరలేదు. ఒక గ్రాము అంటే 6 కేలరీలు. దానికంటే ఖరీదైన త్రాసు పీనట్ బటర్ కోసం కొనడం డబ్బు దండగ.

తూచిన తరువాత ఫోనులో గ్రాముల్లోనే రాయాలి. గ్రాములు తూచి, మళ్లీ "2 టేబుల్ స్పూన్లు" ఎంచుకుంటే చేసిన పనంతా బూడిదలో పోసిన పన్నీరు. నోటి లెక్కకు గ్రాముకు ఆరు అనుకుంటే సరిపోతుంది. 40 గ్రాములైతే 240. డబ్బా మీద 100 గ్రాములకు 590 ఉన్నా, 620 ఉన్నా, 40 గ్రాముల దగ్గర తేడా ఐదో పదో కేలరీలు.

త్రాసు లేకపోతే

అప్పుడు కొలత చెంచాల సెట్టు కావాలి, తల కొట్టడం రావాలి. ముందు డబ్బాను అడుగు వరకూ కలపండి. కొలత చెంచాలో ముద్దను వేరే చెంచాతో నొక్కి నింపండి. డబ్బాలో ముంచి తీస్తే లోపల గాలి ఖాళీలు మిగులుతాయి, వీపుకు కూడా అంటుకుంటుంది. నిండాక చాకు మొద్దు అంచును చెంచా నోటికి ఆనించి ఒక్కసారి లాగండి. చాకుకు వచ్చిన ముద్ద డబ్బాలోకి పోవాలి. చాలామంది దాన్ని అలవాటుగా రొట్టెకే రాసేస్తారు, దాంతో తల కొట్టిన ఫలితం అక్కడే పోతుంది. చెంచాలోంచి ముద్ద వదలకపోతే చెంచాను ముందుగా వేడినీళ్లలో ముంచి తుడిచి వాడితే జారి వస్తుంది. నూనె రాస్తే ఇంకా బాగా జారుతుంది కానీ ఆ నూనెకు గ్రాముకు 9 కేలరీలు.

కొలత చెంచా కూడా లేదు, రోజూ ఇంత శ్రమ పడే ఓపికా లేదు అనుకుంటే డబ్బాతోనే సొంత చెంచా బరువు కనుక్కోవచ్చు. 340 గ్రాముల కొత్త డబ్బా తెరిచిన రోజు నుంచి, తీసిన ప్రతి చెంచాకూ మూత మీద పెన్నుతో ఒక గీత గీయండి. ఇంట్లో అందరూ గీయాలి, పిల్లలు దొంగచాటుగా తిన్నది కూడా. తల కొట్టిన చెంచాలైతే 340ని 16తో భాగిస్తే 21 గీతలు రావాలి. డబ్బా అయిపోయేసరికి 12 గీతలే ఉన్నాయనుకోండి. గోడలకు అంటుకుని పోయింది పది గ్రాములు తీసేస్తే 330ని 12తో భాగించాలి, 27.5 గ్రాములు. మీ చెంచా అంటే అది. ఇకనుంచి ఒక చెంచాకు 95 బదులు 165 కేలరీలు రాసుకోండి. గుట్టగానే తీయండి, పర్వాలేదు. ఏ ఒక్కరోజూ కచ్చితంగా ఉండదు కానీ నెల లెక్క నిజానికి దగ్గరగా ఉంటుంది, ఎందుకంటే ఇప్పుడు సగటు సరైన చోట ఉంది. చెంచా మారితే, డబ్బా ఫ్రిజ్‌లోకి మారితే, మెత్తని రకం నుంచి క్రంచీకి మారితే మళ్లీ గీతలు మొదలుపెట్టాలి.

"కాస్త తక్కువ తీస్తాలే" అన్న నిర్ణయం మాత్రం ఎక్కువ రోజులు నిలబడదు. కన్ను చూసేది గుట్ట ఎత్తును. ఎత్తు ఒకటిన్నర సెంటీమీటర్ల నుంచి ఒకటికి తగ్గితే చాలా తగ్గించినట్టే కనబడుతుంది. అయినా చెంచాలో ఇంకా 23 గ్రాములున్నాయి.

త్రాసు కూడా చెప్పలేనివి

వేరుశనగ, ఉప్పు మాత్రమే ఉన్న డబ్బాలో నూనె పైకి తేలుతుంది. గట్టిపరిచిన నూనె కొద్దిగా కలిపిన రకాల్లో అది తేలదు, అందుకే అవి ఎప్పుడూ ఒకేలా ఉంటాయి. తేలే రకాన్ని కలపకుండా తింటే గ్రాములు సరిగ్గా తూచినా కేలరీలు తప్పుతాయి. మొదటి చెంచాల్లో నూనె ఎక్కువ, అడుగున ఎండిన పిండిలాంటి ముద్ద. ఏడు సెంటీమీటర్ల వెడల్పున్న డబ్బాలో ఒక సెంటీమీటరు మందాన నూనె తేలిందంటే అది 35 గ్రాములు, 300 కేలరీలకు పైమాట. దాన్ని వంపేసేవాళ్లున్నారు. అలా వంపేస్తే ఆ తరువాత డబ్బా మీది అంకె ఆ ముద్దకు వర్తించదు, కలపడానికి కూడా రాకుండా గట్టిపడుతుంది. కొన్న రోజున డబ్బాను తలకిందులుగా ఒక రాత్రి ఉంచి, పొద్దున్నే పొడవాటి చాకుతో అడుగు నుంచి తిప్పి, తరువాత ఫ్రిజ్‌లో పెడితే మళ్లీ తేలడం చాలా ఆలస్యమవుతుంది.

డబ్బా మీది అంకెలో కూడా కొంత వెసులుబాటు ఉంటుంది. అమెరికా నిబంధనల ప్రకారం 50 దాటిన కేలరీలను దగ్గరి పదికి సరిచేసి రాస్తారు, కాబట్టి 190 అంటే 186 కావచ్చు, 194 కావచ్చు. అసలు పదార్థంలో కేలరీలు రాసినదానికంటే 20 శాతం వరకూ ఎక్కువ ఉన్నా అక్కడ నిబంధన దాటినట్టు కాదు. గుట్ట తప్పు మన లెక్కలో 75 శాతం, అదొక్కటే మన చేతిలో ఉన్నది.

పీనట్ బటర్ పౌడర్ అని నూనె చాలావరకు పిండేసిన పొడి కూడా దొరుకుతుంది. రెండు చెంచాలు 12 గ్రాముల దగ్గర, 50, 60 కేలరీలు. యాప్‌లో వెతికినప్పుడు రెండు పేర్లూ పక్కపక్కనే వస్తాయి, ముద్ద తిని పొడి ఎంచుకునేవాళ్లు తక్కువేం కాదు. ఎంచుకున్న వరుసలో 100 గ్రాములకు 600 దగ్గర ఉందా అని ఒకసారి చూస్తే చాలు, పొడికైతే అందులో మూడోవంతు దాకా తక్కువ ఉంటుంది.

చివరికి డబ్బా అడుగు. చెంచాకు అందని పది పదిహేను గ్రాములు గోడలకు అంటుకుని ఉంటే, అందులో పాలు పోసి గిలకొట్టి తాగేవాళ్లుంటారు, ఓట్స్ వేసి రాత్రంతా నానబెట్టేవాళ్లుంటారు. అవి 60 నుంచి 90 కేలరీలు. పాలు పోయకముందు డబ్బాను తూచి అంకె రాసుకోండి, తిని కడిగి ఆరబెట్టాక మళ్లీ తూచండి. ఆ తేడాను ఆరుతో గుణించండి.